కోడూరు నుంచి ఈసీజీ దాకా

కోడూరులో ఆ ఆదివారం వైద్య శిబిరానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బీపీ, షుగరు చూపించుకుందామనే వచ్చారు. బడి వరండాలో ఒక పక్క బరువు తూస్తున్నారు, ఇంకో పక్క వేలి చివర సూది గుచ్చి షుగరు చూస్తున్నారు. నన్ను గుండెపోటు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. కాగితం మీద రాసుకొచ్చింది మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడిగాను. "అర్ధరాత్రి మీ ఇంట్లో ఒకాయన గుండెల్లో బరువుగా ఉందన్నాడనుకోండి. మొట్టమొదట ఏం చేస్తారు?"

"ఈనో కలిపిస్తామండి" అంది ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ. "జీలకర్ర నీళ్లు" అంది ఆవిడ పక్కనామె. "ఆర్‌ఎంపీ గారికి ఫోను కొడతాం" అన్నాడో కుర్రాడు. వెనకనుంచి ఎవరో, "తెల్లారనిచ్చి బెజవాడ తీసుకుపోతామండి" అన్నారు. మంచినీళ్లు, విసనకర్ర, వీపు రాయడం, అన్నీ వచ్చాయి. ఈసీజీ అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాను. గుండెపోటు అంటే ఏమిటో వీళ్లకి తెలియక కాదు. ప్రతి ఇంట్లోనూ, లేదా పక్కింట్లోనూ ఒకరు పోయే ఉన్నారు. తెలియాల్సింది ఒక రాత్రి నొప్పి మొదలైన క్షణం నుంచి మందు ఒంట్లోకి ఎక్కే క్షణం దాకా నిమిషాలు ఎక్కడెక్కడ కారిపోతాయన్నది. అందుకని ఒక మనిషి కథ చెప్పాను. నిజానికి అది ఒక్కరి కథ కాదు. ఈ దివిసీమ వైపు నుంచి వచ్చిన చాలామంది రోగుల రాత్రుల్ని కలిపి ఒక్క రాత్రిగా పోతపోశాను. అదే ఇక్కడా రాస్తున్నాను.

ఆయనకి యాభై రెండేళ్లు. నాలుగెకరాల్లో రొయ్యల చెరువు. ఆరేళ్లుగా షుగరు ఉంది, రోజుకి ఓ పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ వేళకి గట్టు మీద ఉండి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు 3:40కి గట్టు మీద నడుస్తుంటే రొమ్ము మధ్యలో ఎవరో మేత బస్తా మోపినట్టు బరువు. పోటు కాదు, మంట కూడా కాదు. చలిగాలిలో ఉన్నా చొక్కా తడిసిపోయేంత చెమట. కాసేపు షెడ్డులో కూర్చుని, మోటారు సైకిలు మీద తానే ఇంటికొచ్చేసరికి నాలుగైంది.

4:10కి భార్య ఈనో ఇచ్చింది. 4:30కి వాంతి అయింది. వాంతయ్యాక కాస్త తేలికపడ్డట్టనిపించి, "పైత్యం పోయింది" అని ఇద్దరూ అనుకున్నారు. 5:20కి ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి పిరుదుకి రెండు సూదులు వేశాడు, ఒకటి గ్యాసుకి, ఒకటి నొప్పికి. కాస్త కునుకు పట్టింది. 6:30కి బరువు మళ్లీ మొదలై ఎడమ రెక్కలోకి లాగింది. "రాత్రి వల లాగావు కదా, అదే" అంది ఇంట్లో ఎవరో. ఫోన్లు మొదలయ్యాయి. బెజవాడలో ఉన్న బావమరిది, "అక్కడెక్కడా చూపించొద్దు బావా, తిన్నగా ఇక్కడికి వచ్చేయండి" అన్నాడు. కారు దొరికి బయల్దేరేసరికి 7:30. అవనిగడ్డ ఊళ్లోంచే వెళ్లారు, అక్కడి ప్రభుత్వాసుపత్రిని దాటుకుంటూ. బెజవాడ చేరి, ట్రాఫిక్‌లోంచి బయటపడి, ఆసుపత్రిలో ఈసీజీ తీసేసరికి 9:55.

3:40 నుంచి 9:55. ఆరుగంటల పదిహేను నిమిషాలు.

ఇదేదో మరీ నిర్లక్ష్యపు కుటుంబం అనుకోకండి. మన దేశంలో 89 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా రోగుల్ని చూసి చేసిన క్రియేట్ అనే అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన కాలం, అందరినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిది, 360 నిమిషాలు. అంటే ఆరుగంటలు. మన చెరువు రైతు దేశం మొత్తం మీద సగటు మనిషే. ఇది పట్నాల జబ్బు, మనకి రాదు అనుకునేవాళ్లకి ఇంకొక్క లెక్క చెప్పాను. పక్కనే గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003, 2004 ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి, ఏడాదిలో ఎవరెవరు ఎందుకు పోయారో రాసుకున్నారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు మొత్తం చావుల్లో దాదాపు మూడో వంతు. మిగతా ఏ ఒక్క కారణం కంటే ఎక్కువ. మన పొలాలకీ వాళ్ల పొలాలకీ తేడా ఏముంది?

ఆ ఆరుగంటల్లో లోపల ఏం జరిగిందో చెప్పడానికి కోడూరు రైతులకి వేరే పోలిక అక్కర్లేదు. మీది కృష్ణా కాలువల శివారు ఆయకట్టు. పైన ఎక్కడో తూము దగ్గర గండి కొట్టినా, తూడు అడ్డంపడినా, నీళ్లు ఆగేది ముందు మీకే. గుండె కండకి రక్తం తెచ్చే నాళాలు గుండె పైభాగాన కాలువల్లా పారుతుంటాయి. వాటి లోపలి గోడకి ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర పగులుతుంది. పగిలిన చోట, దెబ్బ తగిలిన వేలి మీద గడ్డకట్టినట్టే, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కాలువని పూర్తిగా మూసేస్తే దిగువన ఉన్న కండకి రక్తం ఆగిపోతుంది.

అయితే నీళ్లాగిన మరుక్షణం చేను ఎండదు. కండా అంతే. మొదటి అరగంటలో ప్రాణంతోనే ఉంటుంది, సరిగ్గా పనిచేయదంతే. ఆ తర్వాత చావడం మొదలవుతుంది, అదీ శివారు నుంచే. గుండె గోడ లోపలి పొర కాలువకి అన్నిటికంటే దూరంలో ఉంటుంది కాబట్టి ముందు అది పోతుంది. అక్కణ్నుంచి చావు పై పొరకి గంటగంటకీ పాకుతుంది. ఆరుగంటలయ్యేసరికి ఆ కాలువ కింద ఉన్న కండలో చాలాభాగం పోతుంది. పోయినది మళ్లీ మొలకెత్తదు, మచ్చగా మిగిలిపోతుంది. బతికి బయటపడ్డా నాలుగడుగులు వేస్తే ఆయాసపడే గుండె మిగులుతుంది. అందుకే మొదటి రెండు మూడు గంటల్లో పడిన మందుకీ, ఎనిమిదో గంటలో పడిన మందుకీ అంత తేడా. రెండోది అసలు లాభం లేదని కాదు. పన్నెండు గంటల్లోపు గడ్డ కరిగించే మందు ఇస్తూనే ఉంటాం. ఎంత ఆలస్యమైనా ఆసుపత్రికి రావాల్సిందే. కానీ దక్కే పంట మాత్రం తగ్గిపోతూ వస్తుంది.

ఇప్పుడు ఆ రాత్రి నిమిషాల్ని లెక్కేద్దాం. బెజవాడ ప్రయాణానికి పోయింది రెండుగంటల పైచిలుకు. అంతకుముందు ఇంట్లో పోయింది మూడున్నర గంటలు. రోడ్డు బాగాలేదనీ దూరమనీ మనం అంటుంటాం కానీ, ఎక్కువ కాలం మింగింది రోడ్డు కాదు, "గ్యాసు" అన్న ఒక్క మాట.

ఆ మాట ఎందుకంత బలమైనదో నాకు తెలుసు. గుండె కింది గోడకి పోటు వచ్చినప్పుడు నొప్పి నిజంగానే పొట్ట పైభాగాన, రొమ్ము ఎముక కింద తెలుస్తుంది. వాంతి, తేన్పులు, వికారం కూడా వస్తాయి. మందిచ్చాక కాసేపు తగ్గినట్టూ ఉంటుంది, ఎందుకంటే ఆ గడ్డ కొన్నిసార్లు కాస్త కరిగి మళ్లీ కడుతుంది. కాబట్టి "ఈనోకి తగ్గింది, అందుకే గ్యాసు" అనే తర్కం పనికిరాదు. లక్షణాలతో గ్యాసునీ గుండెనీ కచ్చితంగా విడదీయడం నావల్లా కాదు, నేను చేయగలిగిందల్లా ఈసీజీ తీయడం. ఇంట్లో ఉన్న మీకు కావాల్సింది రోగం పేరు కాదు, ఎప్పుడు లేవాలన్న గుర్తు.

ఆ గుర్తు ఇది. రొమ్ము మధ్యలో బరువు, నొక్కినట్టు, పట్టేసినట్టు, మంటలా, ఎలా ఉన్నా సరే, పది నిమిషాలు కూర్చున్నా తగ్గకపోతే లేవాలి. దానికి చల్లటి చెమట తోడైతే పది నిమిషాలు కూడా ఆగొద్దు. నొప్పి ఎడమ చేతికే రావాలని లేదు. రెండు చేతులకీ, దవడకీ, మెడకీ, రెక్కల మధ్య వీపుకీ రావచ్చు. పన్నునొప్పి అనుకుని వచ్చి, నడిస్తే దవడ నొప్పి, ఆగితే తగ్గుతోంది అని చెప్పినవాళ్లున్నారు. పంటికి మనం నడుస్తున్నామో కూర్చున్నామో తెలియదు, గుండెకి తెలుస్తుంది.

అప్పుడొకామె లేచి, "డాక్టరు గారూ, ఆడవాళ్లకి గుండెపోటు అంతగా రాదంట కదండీ?" అంది. వస్తుందమ్మా. నెలసరి ఆగిపోయాక ఇంకా ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లకీ రొమ్ము నొప్పే ముఖ్య లక్షణం. కాకపోతే వాళ్లలో ఆయాసం, విపరీతమైన నీరసం, వికారం, వీపునొప్పి తోడుగా రావడం ఎక్కువ. పైగా ఇంటి పనుల మధ్య చెప్పుకోరు, చెప్పినా ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లది ఇంకో తీరు. నొప్పి చేరవేసే నరాలు మొద్దుబారి, అసలు నొప్పే తెలియకపోవచ్చు. షుగరున్న మనిషికి ఉన్నట్టుండి కారణం లేకుండా ఆయాసం, చెమట, కళ్లు తిరగడం వస్తే నొప్పి ఉందా అని అడుగుతూ కూర్చోకండి. ముందు షుగరు చూసే మిషను ఇంట్లో ఉంటే చూడండి. అది పడిపోలేదని తెలిస్తే గుండె అనుకునే కదలండి.

ఇంతకీ గ్యాసే అని తేలితే పదిమందీ నవ్వరా అని చాలామంది లోపల అనుకుంటారు. ఆ మాట కోడూరులో అడక్కూడదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ ఇది. ఆ తర్వాత కట్టిన తుపాను షెల్టర్లకి ఎన్నిసార్లు పిల్లాజెల్లాతో వెళ్లి, గాలి పక్కకి తిరిగితే తెల్లారి ఇళ్లకి రాలేదు? బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే ఉప్పెన కంటికి కనపడేదాకా ఆగుదామని పాలకాయతిప్పలో ఎవరూ అనరు. రొమ్ములో బరువు కూడా అలాంటి సూచికే.

ఇప్పుడు అదే రాత్రిని ఇంకోలా నడిపిద్దాం. 3:40కి బరువు మొదలైంది. 3:50కి తగ్గలేదు, చెమట పట్టింది. ఆయన మోటారు సైకిలు ఎక్కకుండా షెడ్డులోనే నేలమీద కూర్చుని, గోడకి ఆనుకుని భార్యకి ఫోను చేశాడు. ఆమె 108కి చేసి, "గుండెనొప్పి, చెమటలు" అని మొదటి మాటగా చెప్పింది. ఆ తర్వాత ఊరి పేరు, చెరువు ఏ రోడ్డు పక్కనో, గుర్తుగా ఏముందో చెప్పింది. కొడుకు టార్చిలైటు పట్టుకుని రోడ్డు మొదట్లో నిలబడ్డాడు. చెరువుల మధ్య చీకట్లో అంబులెన్సులకి అన్ని గట్లూ ఒకేలా కనిపిస్తాయి. అక్కడ పోయే పావుగంట ఒక టార్చిలైటుతో మిగులుతుంది.

బండి మీద వద్దని ఎందుకంటున్నానో చెప్పాలి. గుండెపోటు మొదటి గంటలో చావులు ఎక్కువగా కండ పోవడం వల్ల కాదు, గుండె లయ ఒక్కసారిగా తప్పిపోవడం వల్ల. గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది, మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోతాడు. ఇద్దరి మధ్యన ఇరికించి మోటారు సైకిలు మీద తీసుకెళ్తున్నప్పుడు అది జరిగితే చేయగలిగిందేమీ ఉండదు. అంబులెన్సులో పడుకోబెట్టి ఛాతీ నొక్కగలిగిన మనిషి ఉంటాడు, కొన్ని బళ్లలో షాక్ ఇచ్చే యంత్రం ఉంటుంది. అయితే 108 రావడానికి అరగంట పైగా పడుతుందని చెబితే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కారు దొరికితే వెనక సీట్లో వీపు ఆనించి కూర్చోబెట్టి, తోడు ఒకరు పక్కన ఉండి బయల్దేరండి. ఏ దారిన వస్తున్నారో 108కి చెబితే మధ్యలో అందుకోవచ్చు.

ఎదురుచూసే ఆ కాసేపట్లో ఇంట్లో చేయదగ్గ పని ఒక్కటుంది. ఆస్పిరిన్. 300 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. 75 మిల్లీగ్రాముల బిళ్లలే ఉంటే నాలుగు నమలాలి. నీళ్లతో గుటుక్కున మింగితే కడుపులో కరిగేసరికి ఆలస్యం, నమిలితే తొందరగా ఎక్కుతుంది. గడ్డ మరింత పెరగకుండా అది ఆపుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తపు వాంతులో నల్లటి విరేచనాలో అవుతున్నవాళ్లు వేసుకోకూడదు. మూతి వంకరపోయి, చెయ్యీ కాలూ పడిపోతే అది పక్షవాతం కావచ్చు, అప్పుడూ ఇవ్వకూడదు. బిళ్ల దొరక్కపోతే కొట్టు తెరిచేదాకా ఆగొద్దు. బిళ్ల వేసుకున్నాక తగ్గినట్టుందని ప్రయాణం మానొద్దు.

ఆర్‌ఎంపీ గారు ఊళ్లో ఉంటే పిలవొద్దని నేను అనను. అర్ధరాత్రి పలికే మనిషి ఆయనే. కానీ ఆయన్ని అడగాల్సిన సాయం వేరు. పిరుదుకి, జబ్బకి సూది వేయొద్దనండి. తర్వాత ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు అది ఒంట్లో ఎక్కడ చిన్న గాయం ఉన్నా అక్కడ రక్తం కారేలా చేస్తుంది. కండలోకి పొద్దున గుచ్చిన సూది చోట పిడికెడు రక్తం గడ్డగా చేరిన రోగుల్ని చూశాను. పైగా కండ నొప్పులకి వేసే సూదులు గుండెపోటులో మేలు చేయవు, కీడే చేస్తాయి. ఆయన చేయగలిగింది ఆస్పిరిన్ నమిలించడం, తన ఫోనుతో 108ని తొందరపెట్టడం, అంబులెన్సులో తోడు వెళ్లడం.

ఇక ఆ రోజు అన్నిటికంటే ఎక్కువగా వాదన జరిగిన సంగతి. అవనిగడ్డా, బెజవాడా?

"పెద్దాసుపత్రికి తీసుకెళ్లకుండా అవనిగడ్డలో ఆపితే రేపు చుట్టాలు మమ్మల్ని అనరా అండీ?" అని ఒకాయన సూటిగా అడిగాడు. అనవచ్చు. అందుకే కారణం మీకు తెలిసుండాలి. మూసుకున్న నాళాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పంపి బెలూనుతో తెరిచి స్టెంటు వేయడం. అదే మేలైనది, తొందరగా అందితే. రెండోది, గడ్డని కరిగించే సూదిమందు. టెనెక్టెప్లేస్ అంటారు, మనిషి బరువు చూసి మోతాదు కడతారు, నరంలోకి ఒక్కసారిగా, కొద్ది సెకన్లలో ఇచ్చేస్తారు. దీనికి క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు. ఈసీజీ మిషను, మందు, దాన్ని చూసుకునే డాక్టరు ఉంటే చాలు. ప్రపంచమంతా పాటించే లెక్క ఏమిటంటే, ఈసీజీలో పోటు తేలిన దగ్గర్నుంచి రెండు గంటల్లోపు బెలూను తెరవగలిగితే ఆ దారి పట్టాలి, లేకపోతే దగ్గర్లోనే సూదిమందు ఇచ్చి ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. కోడూరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్ల పైమాటే. ప్రయాణం, చీటీ, సంతకాలు, క్యాథ్‌ల్యాబ్ సిద్ధం చేయడం, అన్నీ కలిపితే రెండు గంటల్లో నాళం తెరుచుకోవడం మనకి దాదాపు అసాధ్యం. అవనిగడ్డ పదీ పన్నెండు కిలోమీటర్లు.

ఈ పద్ధతి మన రాష్ట్రంలో ప్రభుత్వం తరఫునే నడుస్తోంది. 2023లో స్టెమీ కార్యక్రమం పేరుతో గుంటూరు, కర్నూలు, తిరుపతి, విశాఖ పెద్దాసుపత్రుల్ని కేంద్రాలుగా పెట్టుకుని మొదలై, తర్వాత మిగతా జిల్లాలకి పాకింది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి కేంద్రంలోని గుండె డాక్టరుకి పంపుతారు. ఆయన చూసి పోటేనని చెబితే ఇక్కడే సూదిమందు ఇస్తారు. బయట ముప్ఫై నలభై వేలు పలికే ఆ మందుకి ఇక్కడ రూపాయి తీసుకోరు. కాబట్టి నొప్పి లేని రోజునే ఒక పని చేయండి. మీకు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, "గుండెపోటు సూదిమందు ఇక్కడ ఉందా, రాత్రిపూట ఈసీజీ తీస్తారా?" అని అడిగి తెలుసుకోండి. ఇక్కడి పీహెచ్‌సీలో మీ ఏఎన్ఎంని అడిగినా చెబుతుంది. ఆ రాత్రి ఏ తలుపు తట్టాలో ముందే తెలిసుంటే బావమరిదికి ఫోను చేసి సలహా అడగాల్సిన పని ఉండదు.

మనవాడి రెండో రాత్రి ఇలా సాగింది. 4:15కి అంబులెన్సు వచ్చింది. 4:45కి ఆసుపత్రి. పది నిమిషాల్లో ఈసీజీ. పోటు తేలింది. సూదిమందు ఇచ్చే ముందు డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, మెదడులో రక్తం కారిందా, ఈ మధ్య ఆపరేషను గానీ తలకి దెబ్బ గానీ అయిందా, కడుపులో పుండు నుంచి రక్తం పోయిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఇవి లాంఛనం కాదు. వందమందిలో దాదాపు ఒకరికి ఈ మందు వల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు, ఆ ఒక్కరిని ముందే ఏరడానికే ఈ ప్రశ్నలు. అందుకని దాచకుండా చెప్పండి, వాడే మందుల బిళ్లల పెట్టె మొత్తం సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయన భార్య అలాగే తెచ్చింది. 5:15కి మందు పడింది. నొప్పి మొదలై గంటా ముప్ఫై ఐదు నిమిషాలు.

కథ అక్కడితో అయిపోదు. సుమారు ముగ్గురిలో ఒకరికి మందు ఇచ్చినా నాళం సరిగ్గా తెరుచుకోదు. గంటా గంటన్నరకి మళ్లీ ఈసీజీ తీసి అది తెలుసుకుంటారు. తెరుచుకోకపోతే వెంటనే క్యాథ్‌ల్యాబ్ ఉన్న చోటికి పంపాలి. తెరుచుకున్నా ఒక రోజులోపు యాంజియోగ్రామ్ చేయించుకోవాలి, ఎందుకంటే గడ్డ కరిగిందే గానీ కింద పగిలిన కొవ్వు అలాగే ఉంది. నొప్పి తగ్గింది కదా, రొయ్యల పట్టుబడి ఉంది, తర్వాత వెళ్తాం అని ఇంటికొచ్చేసేవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి అదే వారంలో మళ్లీ మూసుకుపోతుంది. స్టెంటు ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవ కిందకి వస్తుంది కాబట్టి రేషను కార్డు, ఆధారు కూడా ఆ మందుల సంచిలోనే పెట్టి ఉంచండి.

ఇంకో సంగతి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని చెప్పి పంపించేస్తామంటే, నొప్పి ఇంకా ఉంటే అక్కడే కూర్చోండి. పోటు మొదట్లో ఈసీజీలో కనపడకపోవచ్చు, పావుగంటకో అరగంటకో మళ్లీ తీస్తే బయటపడుతుంది. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా మొదటి గంటల్లో తేలకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత మళ్లీ చేయాలి. నాళం పూర్తిగా మూసుకోకుండా సగం మూసుకున్న రకం పోటు కూడా ఉంది. దానికి ఈ సూదిమందు ఇవ్వరు, వేరే మందులతో నిలబెట్టి యాంజియోగ్రామ్‌కి పంపుతారు. కాబట్టి పక్కమంచం వాడికి ఇచ్చిన మందు మనకి ఇవ్వలేదని డాక్టరుతో తగువు పడొద్దు.

ప్రశ్నల్లో రెండు మాత్రం రాయాల్సినవి. ఒక కుర్రాడు ఫోనులో వచ్చిన వీడియో చూపించి, ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారంట నిజమేనా అన్నాడు. నిజం కాదు. దగ్గుతూ కూర్చుంటే ఫోను చేయాల్సిన నిమిషాలు పోతాయి. ఒంటరిగా ఉంటే ముందు 108, తర్వాత ఆస్పిరిన్, తలుపు గడియ తీసి పెట్టి నేలమీద కూర్చోవడం. ఇంకొకాయన జేబులోంచి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ తీసి, పక్కవాళ్లకి వస్తే ఇవ్వొచ్చా అని అడిగాడు. అది ఆయనకి ఆయన డాక్టరు రాసిచ్చింది. వేరేవాళ్లకి ఇవ్వకండి. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కొన్ని రకాల గుండెపోటుల్లో, అంగస్తంభన బిళ్లలు వేసుకున్నవాళ్లలో అది ప్రాణానికే ముప్పు. ఆ బిళ్లల సంగతి ఇంట్లో చెప్పుకోలేకపోయినా డాక్టరుకి చెవిలో చెప్పండి.

మనిషి పడిపోయి, పిలిచినా పలక్క, ఊపిరి లేకపోతే లేదా ఎగశ్వాసగా ఆగి ఆగి పీలుస్తుంటే ఏం చేయాలో ఒక బస్తా మీద చేసి చూపించాను. రొమ్ము ఎముక మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి వందకి పైగా, నూట ఇరవైకి మించకుండా నొక్కాలి. అలిసిపోతే పక్కవాడు అందుకోవాలి, ఆపకూడదు. పక్కటెముక విరుగుతుందేమోనని భయం వద్దు, విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చెరో రెండు నిమిషాలు నొక్కి, ఇంత కష్టమా అన్నారు. అంత కష్టమే.

మాటలయిపోయి జనం బీపీ వరసల్లోకి వెళ్లాక, హంసలదీవి వైపు నుంచి వచ్చిన ఒకాయన నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. "పది రోజులుగా గట్టు మీద వంద గజాలు నడిస్తే ఇక్కడ పట్టేస్తోందండీ. ఆగితే పోతోంది. నిన్న రాత్రి పడుకున్నా వచ్చింది" అని రొమ్ము మధ్యలో పిడికిలి పెట్టి చూపించాడు. వేలు పెట్టి ఒక చోట చూపించే నొప్పికీ, పిడికిలి పెట్టి చూపించే నొప్పికీ తేడా ఉంటుంది. నడిస్తే వచ్చేది కూర్చున్నా రావడం మొదలైందంటే, కొవ్వు పొర పగలడం మొదలై నాళం ఇవాళో రేపో మూసుకోవచ్చని అర్థం. శిబిరంలోనే ఈసీజీ తీశాం. మామూలుగా ఉంది.

"బాగానే ఉందిగా అండీ, ఎల్లుండి వెళ్తాను" అన్నాడాయన. నొప్పి లేని వేళ తీసిన ఈసీజీ అలాగే ఉంటుందని, రాత్రి నొప్పి వచ్చినప్పుడు తీసుంటే వేరేలా ఉండేదని చెప్పాను. ఆయన భార్య ఏమీ మాట్లాడలేదు. ఆ ఈసీజీ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది, తర్వాత తీసేవాటితో పోల్చడానికి పనికొస్తుందని అంతకుముందే చెప్పి ఉన్నాను. ఆస్పిరిన్ నమిలించాం. ఆవిడ మందుల సంచి తేవడానికి మనిషిని ఇంటికి పంపి, శిబిరానికి వచ్చిన కారునే అడిగింది. నేను రిఫరల్ కాగితం రాస్తుండగానే ఆయన్ని వెనక సీట్లో ఆనించి కూర్చోబెట్టింది. సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరారు. ఈసారి నాళం ఇంకా తెరిచే ఉంది, నొప్పి లేదు, అందుకని తిన్నగా బెజవాడకే పంపాను. దారిలో నొప్పి మొదలై పది నిమిషాల్లో తగ్గకపోతే ఎక్కడున్నా సరే దగ్గర్లో ఈసీజీ ఉన్న ఆసుపత్రి దగ్గర ఆపమని డ్రైవరుకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడే చెప్పింది.